లెక్కలన్నీ సరైనవే, వ్యాఖ్యానం లేదు: ఎన్ని మార్కులు వేయాలి?

ప్రశ్న: గుంటూరులో డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. బీకాం చివరి ఏడాది పిల్లలకు 20 మార్కుల అసైన్‌మెంట్ ఇచ్చాను. ఒక మిర్చి వ్యాపార సంస్థ రెండేళ్ల అంకెలు ఇచ్చి, "కరెంట్ రేషియో, క్విక్ రేషియో, స్టాక్ టర్నోవర్, డెటార్స్ టర్నోవర్ లెక్కించి, సంస్థ స్వల్పకాలిక చెల్లింపు శక్తిపై వ్యాఖ్యానించండి" అని అడిగాను. ఒకమ్మాయి ఎనిమిది రేషియోలూ తప్పు లేకుండా చేసి, కింద గీత కొట్టి వదిలేసింది. ఒక్క వాక్యం రాయలేదు. 12 వేశాను. "లెక్కలన్నీ రైటే కదా మేడమ్, ఎనిమిది ఎందుకు కోశారు?" అంటోంది. రెండో సెక్షన్ దిద్దే సార్ అయితే 18 వేస్తానంటున్నారు. ఏది న్యాయం? ప్రశ్నలోని అంకెలు జతచేశాను.

జవాబు: మీరు వేసిన 12 సరైనదే. అయితే "కోశాను" అన్న మాటను మాత్రం ఒప్పుకోకండి. కోయడమంటే చేసిన పనిలో తప్పు దొరికి తగ్గించడం. ఆ అమ్మాయి చేసిన పనిలో తప్పు లేదు, దానికి రావాల్సిన 12కి 12 వచ్చాయి. మిగతా 8 మార్కుల పని ఆమె మొదలే పెట్టలేదు. పేపరు మీద 12/20 అని ఒకే అంకె వేస్తే ఎవరికైనా కోసినట్టే కనిపిస్తుంది. లెక్కల కింద 12/12 అనీ, ఆమె గీత కొట్టిన చోట 0/8 అనీ విడివిడిగా వేయండి. సగం వివాదం అక్కడే తీరిపోతుంది.

దీనికి ఆధారం మీ ప్రశ్న వాక్యంలోనే ఉంది. "లెక్కించి" అన్నది అసమాపక క్రియ. వాక్యం పూర్తయ్యేది "వ్యాఖ్యానించండి" దగ్గర. అంటే మీరు అడిగిన పని వ్యాఖ్యానం, దానికి ముందు వేయాల్సిన మెట్టు లెక్క. ఆ అమ్మాయి మెట్టెక్కి గడప దగ్గర ఆగిపోయింది. ఒకవేళ ప్రశ్నలో "లెక్కించండి" అని మాత్రమే ఉండి ఉంటే, వ్యాఖ్యానం రాయలేదని ఒక్క మార్కు తగ్గించే హక్కు కూడా మీకు ఉండేది కాదు, 20కి 20 వేయాల్సిందే. కాబట్టి ఇలాంటి పేచీ వచ్చినప్పుడల్లా ముందు ప్రశ్నలోని క్రియ చూడాలి. ఆ తర్వాతే జవాబు.

12, 8 అన్న విభజన విషయానికి వద్దాం. నాలుగు రేషియోలకు ఒక్కోదానికి 3 చొప్పున: సూత్రానికి 1, మొదటి ఏడాది లెక్కకు 1, రెండో ఏడాది లెక్కకు 1. అలా 12 వస్తాయి. స్టాక్ టర్నోవర్‌కు "సార్లు" అని రాయకుండా శాతం గుర్తు పెడితే ఆ లెక్క మార్కులో అర తగ్గించవచ్చు, అంతకు మించి వద్దు. చివరి ఏడాది పిల్లలకు 10, 10గా పంచినా తప్పు కాదు కానీ ఆ సంగతి ప్రశ్నపత్రంలో ముందే అచ్చు వేసి ఉండాలి. మీరు విభజన అచ్చు వేయలేదు కాబట్టి వ్యాఖ్యానం వాటాను 8 దాటించకపోవడమే న్యాయం.

ఇక 18 మాట. అది ఎందుకు నిలవదో తేలాలంటే రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంకో విద్యార్థి డెటార్స్ టర్నోవర్ రెండో ఏడాదికి అమ్మకాలు 660ని డెటార్స్ 132తో భాగించబోయి తిరగేసి రాశాడనుకోండి. ఆ ఒక్క మార్కు పోయి లెక్కల్లో 11 వస్తాయి. కానీ నాలుగు రేషియోలనూ కలిపి చదివి, డబ్బు ఎక్కడ ఇరుక్కుందో చెప్పి, వ్యాఖ్యానంలో 7 తెచ్చుకున్నాడు. అతనికి మొత్తం 18. సార్ పద్ధతిలో అయితే లెక్కలకు 18, వ్యాఖ్యానానికి 2. అప్పుడు ఒక్క మాట రాయని అమ్మాయికి 18 వస్తాయి, సంస్థ పరిస్థితిని విప్పి చెప్పిన అబ్బాయికి వ్యాఖ్యానంలో రెండుకు రెండూ వేసినా లెక్కల్లో ఒకటిన్నర పోయి 18.5 దగ్గర ఆగుతుంది. ఇద్దరి మధ్య తేడా అర మార్కు. ఈ రెండు పేపర్లనూ సార్‌కు చూపించి, వీళ్లలో బ్యాంకు లోన్ డెస్కులో ఎవరిని కూర్చోబెడతారని అడగండి. విభజన గురించి వాదించడం కన్నా ఇది తొందరగా పనిచేస్తుంది.

వ్యాఖ్యానానికి 8 మార్కులు ఎక్కువేమో అన్న సందేహం ఉంటే, మీరు పంపిన అంకెలే దానికి సమాధానం. ఇవి చాలా మంచి అంకెలు, ఎందుకంటే లెక్క ఒకటి చెబుతుంది, లెక్కను చదివితే ఇంకొకటి తేలుతుంది. మొదటి ఏడాది స్టాక్ 80 లక్షలు, డెటార్స్ 100, నగదు 20, మొత్తం 200. చెల్లించాల్సినవి 125: అందులో సరుకు ఇచ్చినవాళ్లకు 75, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ 50. కరెంట్ రేషియో 1.6. రెండో ఏడాది స్టాక్ 180, డెటార్స్ 132, నగదు 8, మొత్తం 320. చెల్లించాల్సినవి 160: సరుకు ఇచ్చినవాళ్లకు 80, ఓవర్‌డ్రాఫ్ట్ 80. కరెంట్ రేషియో సరిగ్గా 2.

పిల్లలంతా "ఆదర్శ రేషియో 2:1" అని బట్టీ పట్టి ఉంటారు. 1.6 నుంచి 2కు వచ్చింది, ఆదర్శాన్ని అందుకుంది, బాగుపడింది అనిపిస్తుంది. కానీ ఆ పెరుగుదల ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. కరెంట్ ఆస్తులు 120 లక్షలు పెరిగితే అందులో 100 లక్షలు స్టాకే. డెటార్స్ 32 పెరిగాయి, నగదు 12 తగ్గింది. అమ్మిన సరుకు ఖర్చు 480 నుంచి 540కి, అంటే ఎనిమిదో వంతు పెరిగింది. స్టాక్ మాత్రం రెండింతలు దాటింది. అందుకే స్టాక్ టర్నోవర్ 6 సార్ల నుంచి 3 సార్లకు పడిపోయింది. రోజుల్లో చెప్పాలంటే, 61 రోజుల సరుకు ఉండే చోట ఇప్పుడు 122 రోజుల సరుకు ఉంది. డెటార్స్ టర్నోవర్ 6 నుంచి 5కు తగ్గింది, 61 రోజుల్లో వచ్చే బాకీ 73 రోజులు పడుతోంది. స్టాక్ తీసేసి చూస్తే క్విక్ రేషియో 0.96 నుంచి 0.875కు దిగింది. నాలుగు రేషియోల్లో ఒక్కటి మాత్రమే పైకి పోయింది, అదీ సరుకు కదలక పేరుకుపోవడం వల్ల. ఆ అమ్మాయి ఎనిమిది అంకెలూ సరిగ్గా రాసింది కానీ, వాటిని చూసి ఈ సంస్థ బాగుపడిందో ఇబ్బందుల్లో పడుతోందో ఆమెకు తెలుసా లేదా అన్నది పేపర్లో ఎక్కడా లేదు. లేనిదానికి మీరు ఊహించి మార్కులు వేయలేరు.

ఇప్పుడు ఆ 8 మార్కులను నాలుగు పనులకు రెండేసి చొప్పున పంచుకోండి. మార్పును చదవడం, దానికి కారణాన్ని అంకెల్లోంచే చూపడం, రేషియోలను ఒకదానితో ఒకటి కలపడం, చివరికి ఒక తీర్పు చెప్పడం. మీ సెక్షన్లో ఈ అమ్మాయిలా అసలే రాయనివాళ్లు తక్కువే ఉంటారు. అరకొరగా రాసినవాళ్లే ఎక్కువ, తలనొప్పి అంతా వాళ్ల పేపర్ల దగ్గరే.

"కరెంట్ రేషియో పెరిగింది, క్విక్ రేషియో తగ్గింది" అని మాత్రమే రాస్తే అది కంటికి కనిపించే సంగతే. చదవడంలో 1 వేయండి. అదే "స్టాక్ నిలవ 61 రోజుల నుంచి 122 రోజులకు పెరిగింది" అని సార్లను రోజుల్లోకి మార్చి రాస్తే 2 వేయవచ్చు, ఎందుకంటే అంకెకు అర్థం తొడిగారు. "ఆదర్శ రేషియో 2:1" అని లెక్క పక్కన రాసి వదిలేస్తే మార్కు లేదు. అది ఈ సంస్థ గురించి చెప్పిన మాట కాదు. "2:1 వచ్చింది కాబట్టి సంస్థ చెల్లింపు శక్తి బాగుంది" అని రాస్తే పోల్చి చూశారు కాబట్టి చదవడంలో 1, తీర్పులో సున్నా. తాము స్వయంగా లెక్కించిన మిగతా మూడు రేషియోలూ ఆ తీర్పుకు అడ్డం తిరుగుతున్నాయి కదా.

ఆ 2:1 గురించి ఒక్క మాట. అది వాడుకలో నిలిచిన ఒక కొలబద్ద మాత్రమే, చట్టం కాదు. మన బ్యాంకుల్లో చాలాకాలం పట్టుకున్నది 1.33. టాండన్ కమిటీ 1975లో సూచించిన రెండో పద్ధతిలో కరెంట్ ఆస్తుల్లో కనీసం 25 శాతం దీర్ఘకాలిక నిధుల నుంచి రావాలి. మిగతా 75 కరెంట్ అప్పులుగా ఉండొచ్చు, 100ను 75తో భాగిస్తే 1.33 వస్తుంది. ఆ లెక్కన మొదటి ఏడాది 1.6 కూడా తక్కువేం కాదు. ఈ సంగతి పిల్లలకు క్లాసులో చెబితే "2 కన్నా తక్కువ, కాబట్టి బలహీనం" అని కళ్లు మూసుకుని రాయడం తగ్గుతుంది.

పూర్తి మార్కులు తెచ్చే జవాబు పేజీలకు పేజీలు ఉండక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"కరెంట్ రేషియో 1.6 నుంచి 2కు పెరిగినా, కరెంట్ ఆస్తుల్లో పెరిగిన 120 లక్షల్లో 100 లక్షలు స్టాకే. అమ్మిన సరుకు ఖర్చు ఎనిమిదో వంతు పెరిగితే స్టాక్ రెండింతలు దాటింది, అందుకే స్టాక్ నిలవ 61 రోజుల నుంచి 122 రోజులైంది. బాకీల వసూలు కూడా 12 రోజులు ఆలస్యమైంది. సరుకు ఆలస్యంగా అమ్ముడై, దాని డబ్బు ఇంకా ఆలస్యంగా చేతికొస్తోంది. నగదు 20 నుంచి 8కి తగ్గింది, ఓవర్‌డ్రాఫ్ట్ 50 నుంచి 80కి పెరిగింది. కాబట్టి కరెంట్ రేషియో మెరుగైనా దగ్గరి బాకీలు తీర్చే శక్తి తగ్గింది. స్టాక్ ధర పడిపోతే ఈ 2 నిలవదు."

ఏడు వాక్యాలు. చదవడం, కారణం, కలపడం, తీర్పు నాలుగూ ఉన్నాయి. "సరుకు ఆలస్యంగా అమ్ముడై, దాని డబ్బు ఇంకా ఆలస్యంగా చేతికొస్తోంది" అన్న వాక్యం దగ్గర కలపడానికి 2 వేయండి. రెండు టర్నోవర్ రేషియోలు ఒకే దారిలో రెండు మజిలీలని ఆ విద్యార్థికి అర్థమైంది.

దిద్దేటప్పుడు జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది, క్విక్ రేషియో. మన దగ్గర కొన్ని పాఠ్యపుస్తకాలు బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్‌ను వెంటనే తీర్చాల్సిన అప్పు కాదని క్విక్ అప్పుల్లోంచి తీసేస్తాయి. ఆ పుస్తకం చదివిన పిల్లలు మొదటి ఏడాదికి 120ని 75తో భాగించి 1.6 అనీ, రెండో ఏడాదికి 140ని 80తో భాగించి 1.75 అనీ తెస్తారు. చూడండి, దిశే మారిపోయింది. మీ కీలో క్విక్ రేషియో తగ్గింది, వీళ్లకు పెరిగింది. సూత్రం స్పష్టంగా రాసి ఉంటే లెక్కకు పూర్తి మార్కులు ఇవ్వాల్సిందే, వ్యాఖ్యానాన్ని కూడా వాళ్ల అంకెల మీదే దిద్దాలి. అయితే "క్విక్ రేషియో కూడా పెరిగింది, అంతా బాగుంది" అని ఆగిపోతే కారణంలో మార్కు రాదు. ఓవర్‌డ్రాఫ్ట్‌ను పక్కన పెట్టడం వల్లే ఆ పెరుగుదల కనిపించిందని, ఆ ఓవర్‌డ్రాఫ్టే 30 లక్షలు పెరిగిందని పట్టుకున్నవాళ్లకు రెండూ వేయండి. వ్యాఖ్యానాన్ని కీ పక్కన పెట్టి "పెరిగింది", "తగ్గింది" మాటలు సరిచూసి టిక్కులు పెట్టుకుంటూ పోతే తప్పు జరిగేది సరిగ్గా ఇక్కడే.

ఇదే సూత్రం లెక్క తప్పినవాళ్లకూ వర్తిస్తుంది. లెక్క తప్పైతే దాని మార్కు లెక్కల దగ్గరే పోవాలి. ఆ తప్పు అంకె మీద నిలబడి సరైన తర్కంతో వ్యాఖ్యానిస్తే వ్యాఖ్యానం మార్కులు ఇవ్వాలి, ఒకే తప్పుకు రెండుసార్లు శిక్ష ఉండకూడదు. లెక్క ఒప్పయినంత మాత్రాన వ్యాఖ్యానం మార్కు రాదని ఆ అమ్మాయికి చెబుతున్నాం కదా, లెక్క తప్పినంత మాత్రాన వ్యాఖ్యానం మార్కు పోదన్నది కూడా అంతే గట్టిగా పాటించాలి.

స్టాక్ టర్నోవర్‌లో సగటు స్టాక్ వాడినవాళ్లూ ఉంటారు. మొదటి ఏడాది ప్రారంభ స్టాక్ మీరు ఇవ్వలేదు కాబట్టి ఆ ఏడాదికి 80నే వాడక తప్పదు. రెండో ఏడాదికి మాత్రం 80, 180ల సగటు 130 తీసుకుంటే 4.15 సార్లు, 88 రోజులు వస్తాయి. రెండేళ్లకు రెండు కొలతలు వాడి పోల్చడం సరికాదు. అయినా ఆ సంగతి తామే రాసుకుని, ఎలా చూసినా నిలవ పెరిగిందని చెబితే అది మంచి వ్యాఖ్యానమే. రాసుకోకపోతే పేపరు పక్కన సరిదిద్ది చూపండి, మార్కు మాత్రం తగ్గించవద్దు. ప్రారంభ స్టాక్ ఇవ్వకపోవడం ప్రశ్నలోని లోటు.

మీ పిల్లలు గుంటూరు పిల్లలు కాబట్టి ఇంకో రకం జవాబు తప్పకుండా వస్తుంది. "మార్చి 31 నాటికి మిర్చి సీజన్ నడుస్తూ ఉంటుంది. యార్డుకు సరుకు దిగుతుంది, వ్యాపారులు కొని కోల్డ్ స్టోరేజీల్లో పెడతారు. అందుకే స్టాక్ ఎక్కువ కనిపిస్తోంది, భయపడక్కర్లేదు" అని ఎవరో ఒకరు రాస్తారు. కీలో లేదని కొట్టేయకండి. బ్యాలెన్స్ షీట్ తేదీ సీజన్ మధ్యలో పడితే ఏడాది సగటు కన్నా ఆ రోజు స్టాక్ ఎక్కువ కనిపించడం నిజమే. అది నిజమైన వ్యాపార జ్ఞానం, కారణంలో ఒక మార్కుకు పూర్తిగా అర్హమైనది. కానీ రెండు బ్యాలెన్స్ షీట్లూ మార్చి 31వే కదా. సీజన్ రెండేళ్లలోనూ ఉంది. స్టాక్ ఎందుకు ఎక్కువగా ఉందో సీజన్ చెబుతుంది కానీ, పోయినేడు 80 ఉన్నది ఈసారి 180 ఎందుకైందో చెప్పదు. ఈ తేడా కూడా పట్టుకుని, "ధర పెరుగుతుందని ఆపి ఉండొచ్చు, లేదా కొనేవాళ్లు తగ్గి ఉండొచ్చు, ఈ రెంటిలో ఏదో తేలాలంటే ఏప్రిల్, మే అమ్మకాలు చూడాలి" అని రాసే విద్యార్థి ఉంటే రెండో మార్కూ వేయండి. తీర్పు మీ తీర్పుకు ఎదురుగా ఉన్నా సరే. వ్యాఖ్యానంలో మార్కు వచ్చేది అంకెల మీద ఆధారపడిన తర్కానికి. "బాగుంది" అన్నారా, "బాగాలేదు" అన్నారా అన్న మాటకు కాదు.

ఇక చేయాల్సిన పని. ఆ అమ్మాయి వచ్చి అడిగింది కాబట్టి ఆమె ఒక్కదాని మార్కు మార్చకండి, అడగనివాళ్లకు అది అన్యాయం. మార్కులు రిజిస్టరులోకి ఎక్కకముందే మీరూ సారూ కూర్చుని, ఒక్కో సెక్షన్ నుంచి మూడేసి పేపర్లు తీసుకుని ఇద్దరూ విడివిడిగా దిద్దండి. లెక్కలు పూర్తిగా ఉండి వ్యాఖ్యానం లేనిది ఒకటి, "2:1 కాబట్టి బాగుంది" అన్నది ఒకటి, వ్యాఖ్యానం బాగుండి లెక్కలో తప్పున్నది ఒకటి. ఒకే పేపరుకు ఇద్దరి మార్కుల మధ్య తేడా రెండు దాటితే అది విద్యార్థి సమస్య కాదు, మీ ఇద్దరి మధ్య విభజన కుదరలేదని అర్థం. అది కుదిరాకే మిగతా పేపర్లు ముట్టుకోండి. ఒక సెక్షన్‌కు 18లు పడి ఇంకో సెక్షన్‌కు 12లు పడితే అసలు గొడవ అప్పుడు మొదలవుతుంది.

ఇది ఇంటర్నల్ అసైన్‌మెంట్ కాబట్టి, కాలేజీ ఒప్పుకుంటే వ్యాఖ్యానం ఒక్కటే మళ్లీ రాసి తెచ్చే అవకాశం ఇవ్వొచ్చు. కానీ అది ఒక్కరికి కాకుండా వ్యాఖ్యానంలో 3 కన్నా తక్కువ వచ్చిన అందరికీ ఇవ్వాలి, రెండోసారి రాసినదానికి 8కి గరిష్ఠంగా 5 అని ముందే చెప్పాలి. ఆ అమ్మాయి పేపరు మీద మాత్రం "ఇంకా బాగా రాయాలి" లాంటి మాట రాయకండి, దాంతో ఆమెకు దారి దొరకదు. గీత కొట్టిన చోట ఇలా రాయండి: "రెండో ఏడాది కరెంట్ రేషియో పెరిగింది, స్టాక్ టర్నోవర్ సగమైంది. ఈ రెండూ ఒకేసారి ఎలా జరిగాయి? కరెంట్ ఆస్తుల్లో ఏది ఎంత పెరిగిందో చూసి మూడు వాక్యాల్లో చెప్పు." లెక్కలు అంత శుభ్రంగా చేసిన పిల్ల ఆ ప్రశ్న చూస్తే స్టాక్ దగ్గరికి తనంతట తానే వెళ్తుంది.

వచ్చేసారి ప్రశ్నను రెండు ముక్కలుగా అచ్చు వేయండి. "అ) నాలుగు రేషియోలను రెండేళ్లకూ లెక్కించండి. 12 మార్కులు. ఆ) రెండో ఏడాది ఈ సంస్థకు ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి పెంచవచ్చా? మీ రేషియోల ఆధారంగా 80 నుంచి 100 మాటల్లో చెప్పండి. 8 మార్కులు." "వ్యాఖ్యానించండి" అన్నప్పుడు ఏం రాయాలో తెలియక గీత కొట్టేవాళ్లు, "పరిమితి పెంచవచ్చా?" అన్నప్పుడు అవును, కాదు అని ఏదో ఒకటి చెప్పక తప్పదు. అది చెప్పడానికి కారణం వెతుక్కోకా తప్పదు.